జట్టంతా ఒక్క గొంతుతో పలకాలంటే

సంక్రాంతి కబడ్డీ పోటీలు జరిగే ఏ ఊరికి వెళ్లినా ఈ దృశ్యం కనిపిస్తుంది. బరిలోకి దిగే ముందు ఏడుగురూ గుండ్రంగా నిలబడి, చేతి మీద చెయ్యి వేసి, ఏదో ఒకటి గట్టిగా అరుస్తారు. ఆ అరుపు చాలాసార్లు సినిమాలో విన్నదో, టీవీలో పెద్ద జట్లు అరవగా నేర్చుకున్నదో అయి ఉంటుంది. వాళ్ల వెనకాల కట్టిన బ్యానరు మీద క్లబ్బువాళ్లే రాసుకున్న ధ్యేయవాక్యం ఒకటి ఉంటుంది గానీ దాన్ని ఎవరూ పలకరు. పలకడానికి వీలుగా ఉండదు కాబట్టే పలకరు.

ఆ బ్యానరు మీది వాక్యం సాధారణంగా ఇలా ఉంటుంది: ‘క్రమశిక్షణ, ఐకమత్యం, పట్టుదలతో కూడిన క్రీడాస్ఫూర్తే మా క్లబ్ ధ్యేయం.’ అర్థంలో వంక పెట్టడానికేమీ లేదు. కమిటీలో ఉన్న ప్రతి ఒక్కరూ తమకు ముఖ్యమనిపించిన మాట ఒకటి చేర్చారు, ఎవరి మాటా కొట్టివేయలేదు. కాగితం మీద చదివే కంటికి ఇది సరిపోతుంది. ఇరవైమంది నోళ్లు ఒకేసారి పలకాల్సి వచ్చినప్పుడే చిక్కంతా. అప్పుడు తేల్చాల్సింది నోరూ చెవీ. ఆ రెండింటినీ అడగకుండా, కాగితం మీద చూసి ఎంచుకున్నందువల్లే మన ఊళ్లలో ఇన్ని ధ్యేయవాక్యాలు బ్యానర్ల మీదే ఉండిపోతున్నాయి.

నోటికి పట్టే వాక్యం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి తెలుగువాళ్లు ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. 1966లో ఉక్కు కర్మాగారం కోసం ఊరూరా మారుమోగిన నినాదం ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’. అది పుట్టి దాదాపు అరవై ఏళ్లయినా, ఎవరైనా మొదటి సగం అంటే చాలు, మిగతా సగం మన నోట్లోకి దానంతటదే వస్తుంది. ఎందుకలా వస్తుందో బడిలో చదివిన గురులఘువులతో లెక్క కట్టి చూడవచ్చు.

లెక్క తేలికే. పొట్టి అక్షరం లఘువు, దాన్ని పలకడానికి పట్టే కాలం ఒక మాత్ర. దీర్ఘం ఉన్నా, సున్న ఉన్నా, తర్వాత ద్విత్వమో సంయుక్తమో వచ్చినా ఆ అక్షరం గురువు, రెండు మాత్రలు. ఆ ప్రకారం ‘విశాఖ’ నాలుగు మాత్రలు, ‘ఉక్కు’ మూడు, మొత్తం ఏడు. ‘ఆంధ్రుల’ నాలుగు, ‘హక్కు’ మూడు, అదీ ఏడే. రెండు సగాలూ తూచినట్టు సమానం, లోపలి విరుపు కూడా నాలుగు–మూడు, నాలుగు–మూడుగానే ఉంది. చివర ‘క్కు’, ‘క్కు’ అని ఒకే చప్పుడు. ఊరేగింపులో దీన్ని పలికేటప్పుడు ప్రతి ఏడు మాత్రల తర్వాత ఒక మాత్ర పాటు ఆగుతారు. ఏడూ ఒకటీ ఎనిమిది, అడుగులు వేస్తున్న కాళ్లకు అది సరిగ్గా కుదిరే లెక్క. ఊపిరి పీల్చుకునేదీ పిడికిలి పైకి లేచేదీ ఆ ఒక్క మాత్రలోనే.

1965లో లాల్ బహదూర్ శాస్త్రి ఇచ్చిన ‘జై జవాన్, జై కిసాన్’నూ ఇలాగే కొలిచి చూడండి. అటు అయిదు, ఇటు అయిదు.

ఇప్పుడు బ్యానరు మీది వాక్యం దగ్గరికి వద్దాం. క్రమశిక్షణ ఆరు, ఐకమత్యం ఏడు, పట్టుదలతో ఏడు, కూడిన నాలుగు, క్రీడాస్ఫూర్తే ఎనిమిది, మా క్లబ్ నాలుగు, ధ్యేయం నాలుగు. మొత్తం నలభై మాత్రలు. ఎక్కడ ఆగాలో ఒక్కొక్కరూ ఒక్కో చోట నిర్ణయించుకుంటారు. ఇరవైమంది పలికితే ‘ఐకమత్యం’ దగ్గరికి వచ్చేసరికే జట్టు రెండు ముక్కలవుతుంది. పొడవు ఒక్కటే కాదు, ‘శిక్షణ’, ‘స్ఫూర్తి’, ‘ధ్యేయం’ లాంటి మాటల్లో ఇంకో ఇబ్బంది ఉంది. ఒకరు ‘శి’ అంటారు, మరొకరు ‘సి’ అంటారు. ఒకరి ‘ధ్యేయం’ మరొకరి నోట ‘దేయం’ అవుతుంది. విడిగా మాట్లాడేటప్పుడు దానివల్ల నష్టమేమీ లేదు. అందరూ కలిసి పలికినప్పుడు మాత్రం ఆ చోట శబ్దం అలికేసినట్టవుతుంది. తనకు నోరు తిరగని అక్షరం ఉందని తెలిసిన పిల్లవాడు ఆ మాట దగ్గర గొంతు తగ్గించేస్తాడు. ప, ట, మ, న, ద, ల, వ లాంటి అక్షరాలను శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా, చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ ఒకేలా పలుకుతారు. కలిసి పలకాల్సిన మాటను ఆ అక్షరాలతో కట్టుకుంటే ఎవరి గొంతూ తగ్గదు.

సంస్కృత వాక్యాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం చిహ్నం మీద ఉపనిషత్ వాక్యం ఉంది, పెద్ద సంస్థలు ఇంకా చాలా వాటికి అలాంటివి ఉన్నాయి. పట్టాల మీదా ముఖద్వారాల మీదా అవి ఎంతో హుందాగా ఉంటాయి. సాయంత్రం సాధన ముగించి ఒగర్చుతున్న పదమూడేళ్ల పిల్లవాడితో పలికించడానికి మాత్రం అవి తగవు.

ఇక ఒక క్లబ్బు ఈ పని చేస్తే ఎలా ఉంటుందో మొదటినుంచి చివరిదాకా చూద్దాం. గోదావరి జిల్లాల్లో ఓ పెద్ద గ్రామం అనుకోండి. హైస్కూలు మైదానంలో ఒక కబడ్డీ బరి. పిల్లలూ పెద్దలూ కలిసి పాతికమంది సభ్యులు. సాధన చేయించేది బడిలో డ్రిల్లు మాస్టారు. నినాదం కోసం కమిటీని కూర్చోబెట్టే ముందు ఆయన ఒక వారం పాటు బరి పక్కన నిలబడి, ఆటలో పిల్లలు నిజంగా ఏమేం అరుస్తున్నారో రాసుకున్నారు. ‘పట్టు’, ‘వదలకు’, ‘గీత చూడు’, ‘కాలు కాలు’, ‘అందరూ రండి’ ఇవీ ఆయనకు దొరికినవి. ఈ పని ముందే చేయాలి. ఆట వేడిలో నోటి నుంచి ఊడిపడే మాటలు అప్పటికే నలిగి నున్నబడి ఉంటాయి, వాటిని కొత్తగా కంఠస్థం చేయించక్కర్లేదు. కమిటీ సమావేశంలో పుట్టే మాటల్లో ఇవి ఉండవు. అక్కడ కూర్చున్నప్పుడు మనుషులు సభలో మాట్లాడినట్టే మాట్లాడతారు.

రాసుకున్నవాటిలోంచి ‘పట్టు’ ముందుకొచ్చింది. దాని పక్కన ‘జట్టు’ దానంతటదే వచ్చి నిలబడింది. రెండూ మూడేసి మాత్రలు, రెండింటిలోనూ అదే ‘ట్టు’. అక్కడినుంచి రెండు నినాదాలు తయారయ్యాయి. ఒకటి ‘ఒకే పట్టు, ఒకే జట్టు’. ఇది ఆరు, ఆరు. రెండోది ‘పట్టు వదలం, జట్టు వదలం’. ఇది ఏడు, ఏడు.

కమిటీలో కొందరు ‘గెలుపే మా లక్ష్యం’ కూడా ఉంచమన్నారు. మాస్టారు ఒప్పుకోలేదు, నేనైనా ఒప్పుకోను. ఆట ముందు పలికే మాటను ఆట అయ్యాక కూడా పలకగలగాలి. ముప్ఫై పాయింట్ల తేడాతో ఓడిపోయి బయటికొచ్చిన సాయంత్రం ‘గెలుపే’ అనమంటే ఎవరంటారు? గెలుపు ఎదుటి జట్టు చేతిలోనూ ఉంది. పట్టు వదలకపోవడం, జట్టును వదలకపోవడం పూర్తిగా మన చేతిలో ఉన్నవి. నినాదంలో పెట్టుకోవాల్సింది ఓడిన రోజున కూడా అబద్ధం కాని మాట.

అభ్యంతరాలు వచ్చాయి, రావాలి కూడా. ఊరి పెద్దాయన ఒకరు, ‘మొదలుపెట్టేటప్పుడు లేదు, కాదు, వదలం అని ఆ మాటలేమిటయ్యా? శుభంగా ఉండేది చూడండి’ అన్నారు. జట్టులో కూతకు వెళ్లే కుర్రాడి అభ్యంతరం ఇంకా గట్టిది: ‘మాస్టారూ, పట్టు తప్పించుకుని గీతకు రావడం కదండీ నా పని! పట్టు వదలం అని నేనెలా అననండీ?’ వాడు అన్నది నిజమే. ‘పట్టు’ బరిలో మిగిలినవాళ్ల మాట, కూతకెళ్లేవాడికి అది శత్రువు. అయితే పట్టుదల అనే అర్థంలో ఆ మాట వాడికీ చెందుతుంది కాబట్టి, కాస్త చర్చ జరిగాక వాడు ఒప్పుకున్నాడు. ఒకవేళ ఒప్పుకోకపోతే నినాదమే మార్చాలి. జట్టులో ఒక్క స్థానంలో ఆడేవాడైనా అది తనది కాదనుకుంటే, పలికేటప్పుడు ఆ లోటు వినిపిస్తుంది. పెద్దాయన మాటకు జవాబు అంత సులువు కాదు. ‘ఒకే పట్టు, ఒకే జట్టు’లో ఆయనకు నచ్చని మాట ఒక్కటీ లేదు. అందుకే రెండింటినీ బరిలో పరీక్షించి తేల్చుకుందామనుకున్నారు.

పరీక్షకు ఖర్చేమీ లేదు. ఈ నినాదాల గురించి ఏమీ తెలియని మనిషినొకణ్ణి మైదానం అవతలి గేటు దగ్గర నిలబెట్టాలి. ఇటువైపు పదిహేనుమంది గుండ్రంగా నిలబడి ఒక్కోటీ మూడేసి సార్లు పలకాలి. తనకు వినిపించినది వినిపించినట్టే అతను కాగితం మీద రాయాలి. ఇదంతా సాధన మొదలవక ముందు ఒకసారి, సాధన అయ్యాక ఊపిరి అందనప్పుడు ఇంకోసారి చేయాలి. అలసిన నోటికి కుదరని వాక్యం ఆటగాళ్ల వాక్యం కాదు.

గేటు దగ్గరి కాగితంలో మొదటి నినాదం ‘కే పట్టు, కే జట్టు’ అని ఉంది. ‘ఒ’ ఎగిరిపోయింది. కారణం లెక్కలోనే ఉంది. పదిమంది ఒక్కసారి గొంతెత్తినప్పుడు అందరూ ఒకే క్షణంలో మొదలుపెట్టలేరు, రవ్వంత అటూ ఇటూ అవుతుంది. మొదటి అక్షరం లఘువైతే ఆ తేడాలోనే అది కరిగిపోతుంది. గురువైతే నిలబడుతుంది, వెనకబడ్డవాళ్లు కూడా అది ముగిసేలోపు వచ్చి కలుస్తారు. జనం కలిసి పలికే పాత కేకలన్నీ ఈ కిటుకు తెలిసినవే. ‘గణపతి బప్పా’ అని ఒకరంటే జనం అనేది ‘మోరియా’, మొదటి అక్షరం గురువు. కొండ మెట్ల మీద జనం అందుకునేది ‘గోవిందా’, అదీ గురువే. ‘జై’ గురువే. ‘విశాఖ ఉక్కు’ లఘువుతో మొదలవుతుంది కదా అంటారేమో. ఆ సగాన్ని అనేది ముందున్న నాయకుడు, ఒక్కడే కాబట్టి అతని ‘వి’ ఎక్కడికీ పోదు. జనం అందుకునే సగం ‘ఆం’ అని గురువుతోనే మొదలవుతుంది.

రెండో నినాదం ‘పట్టు’తో మొదలవడం వల్ల బాగానే వినిపించింది. కాగితం మీద ‘పట్టు వదలం, జట్టు వదలం’ అని సరిగ్గానే ఉంది. అయినా మాస్టారు ఇంకో రకంగా చూడాలనుకున్నారు. నాయకుడు ‘పట్టు!’ అంటే జట్టు ‘వదలం!’ అనాలి, అతను ‘జట్టు!’ అంటే మళ్లీ ‘వదలం!’ అనాలి. ఈ పద్ధతిలో మొదలుపెట్టే చిక్కు తీరిపోతుంది, అందరూ ఎప్పుడు అందుకోవాలో నాయకుడి గొంతే చెబుతుంది. జట్టు గుర్తుంచుకోవాల్సింది ఒక్క మాటే కాబట్టి ఆ రోజే చేరిన పిల్లవాడు కూడా మొదటిసారి విని రెండోసారికి కలిసిపోతాడు. మన నినాదాల్లో చాలావాటి ప్రాణం ఇక్కడే ఉంది. పిలుపు మారుతూ ఉంటుంది, జవాబు మారదు.

ఇలా పలికి చూస్తే గేటు దగ్గరివాడు ఈసారి ‘పట్టు – దళం, జట్టు – దళం’ అని రాశాడు. మళ్లీ అదే జబ్బు. జట్టు అందుకునే ‘వదలం’ లఘువుతో మొదలవుతోంది, ‘వ’ పోయింది. వాక్యం మధ్యలో ఉన్నప్పుడు బతికిన అక్షరం, జవాబుగా విడిపడేసరికి పోయింది. కాగితం మీద ఎంతసేపు చూసినా ఈ సంగతి కనిపించదు.

మందు చిన్నదే. ‘వదలం’ నాలుగు మాత్రలు: లఘువు, లఘువు, గురువు. అదే అర్థంతో, అదే కొలతతో, గురువుతో మొదలయ్యే మాట కావాలి. ‘వీడం’ ఉంది. రెండూ గురువులే, మొత్తం నాలుగు మాత్రలే. పట్టు వీడలేదు అని పేపర్లో రోజూ చదివేదే, జట్టును వీడాడు అని ఆటల పేజీలో చూసేదే. పల్లెలో మాట్లాడుకునేటప్పుడు ‘వదలం’ అన్నంత చనువు దీనికి లేదు, అది ఒప్పుకోవాలి. కానీ ‘వీ’ అని సాగదీసి అందుకోవడానికి జట్టుకు చోటు దొరికింది, చివర ‘డం’ అని అందరి పెదవులూ ఒకేసారి మూసుకున్నాయి. గేటు దగ్గరి కాగితంలో ఈసారి రాసినది తప్పు లేకుండా వచ్చింది: ‘పట్టు వీడం, జట్టు వీడం.’

చివరి అక్షరం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. తెలుగు మాటలు చాలావరకు పొట్టి ‘ఉ’తో ముగుస్తాయి: గెలుపు, ఆట తీరు, మా ఊరు. మామూలు మాటల్లోనే ఆ ‘ఉ’ను సగం మింగేస్తాం, అరుపులో అది అసలు వినిపించదు. దూరానికి బాగా అందేది నోరు పూర్తిగా తెరుచుకునే ‘ఆ’. గోవిందా, మోరియా, పడవ లాగేవాళ్ల హైలెస్సా, అన్నీ ‘ఆ’ దగ్గరే ఆగుతాయి. ‘ఆ’ కుదరకపోతే సున్న మంచిది, అది సాగకపోయినా ఒక్కసారిగా ముగుస్తుంది. ‘హక్కు’ లాగా ద్విత్వం ఉంటే ఆ ‘క్క’ దెబ్బే ముగింపు అవుతుంది కాబట్టి తర్వాతి ‘ఉ’ పోయినా ఫరవాలేదు.

పెద్దాయన అభ్యంతరానికి జవాబు వాదనలో దొరకలేదు. పిల్లలు పలుకుతుండగా ఆయనను బరి దగ్గరికి పిలిచి వినిపించారు. ‘లేదు’ అని ఏదో లోటు చెబుతున్నట్టు కాకుండా శపథం చేస్తున్నట్టు ఉందని ఆయనే అన్నారు. ఆయన అలా అనకపోయి ఉంటే, ‘ఒకే’ని మార్చుకుని రెండోదాన్ని బాగుచేసుకునే దారి ఉండనే ఉంది.

దీన్ని పలికే తీరులో జాగ్రత్త పడాల్సింది ఒక్కటే, వేగం. మూడుసార్లు వరసగా పలికితే మూడోసారికి ఏ జట్టైనా పరుగెత్తుతుంది. ఆ పరుగులో ముందుగా పోయేది ఏడు మాత్రల తర్వాత ఆగాల్సిన ఆ ఒక్క మాత్ర. అది పోతే ఊపిరి అందదు, చివరి మాట సన్నబడుతుంది. అందుకని ఆ ఖాళీలో అందరూ ఒక చప్పట్టు కొట్టాలి, లేదా కాలు నేలకు తన్నాలి. చప్పట్టు కొట్టాలంటే ఆగక తప్పదు. రెండు సగాలూ, రెండు చప్పట్లూ కలిపి నాలుగు సెకన్లు పడుతుంది. కూతకు వెళ్లినవాడికి ఉండేది ముప్ఫై సెకన్లు. ఆ నాలుగైదు సెకన్లకు మించి పలికించే నినాదం ఆటకు అడ్డం పడుతుంది.

ఎంచుకునేటప్పుడే చూసుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది, మన ఊళ్ల పరిస్థితి తెలిసినవాళ్లకు వివరంగా చెప్పక్కర్లేదు. ‘జై’తో మొదలయ్యే ఏ నినాదమైనా వినేవాళ్లు దాని వెనక పార్టీనో కులాన్నో మతాన్నో వెతుక్కుంటారు. దేవుడి పేరున్నా, నాయకుడి పేరున్నా అంతే. రేపు చేరబోయే పిల్లవాడి ఇంట్లో వాళ్లు కూడా హాయిగా పలకగలిగేదే పెట్టుకోవాలి.

ఒలింపిక్స్ నినాదం విషయంలో నాకున్న అసంతృప్తి కూడా ఇక్కడ చెప్పేస్తాను. ఫ్రెంచి మతగురువు హెన్రీ డీడో మాటలను 1894లో కూబెర్తాన్ ఒలింపిక్ ఉద్యమానికి తీసుకొచ్చాడు: సిటియస్, ఆల్టియస్, ఫోర్టియస్. ఇంకా వేగంగా, ఇంకా ఎత్తుగా, ఇంకా బలంగా అని అర్థం. లాటిన్ రానివాళ్ల నోటికి కూడా ఆ మూడు మాటలూ ఒక వరసలో వస్తాయి, మూడేసి అక్షరాలు, ఒకే ముగింపు. 2021లో వాటికి ‘కమ్యూనిటెర్’ అని నాలుగోది చేర్చారు. కలిసికట్టుగా అన్న ఆ భావం ఎంతో మంచిది, ఆ సమయానికి ఎంతో అవసరమైనది. కానీ అది మొదటి మూడింటి వరసలో నిలబడదు. పొడవు వేరు, ముగింపు వేరు. నాలుగూ కలిపి గట్టిగా పలికి చూడండి, నాలుక ఎక్కడ తడబడుతుందో తెలుస్తుంది. భావం బాగుందని నినాదానికి మాటలు చేర్చుకుంటూ పోయే కమిటీలు దీన్ని ఒక్కసారి పైకి చదువుకోవాలి.

మన కబడ్డీ క్లబ్బుకు మిగిలినవి రెండు పనులు. మొదటిది, ఒక వారం ఎవరూ గుర్తుచేయకుండా వదిలేసి, ఎనిమిదో రోజు అందరికంటే చిన్న పిల్లవాణ్ణి నాయకుడిగా నిలబెట్టడం. వాడు తడుముకోకుండా పిలిస్తే, జట్టు తడుముకోకుండా అందుకుంటే అది నిలిచినట్టు. వాడు ఏదైనా మాట మార్చి పలికితే వెంటనే దిద్దవద్దు. నోరు తనకు తానుగా చేసుకున్న మార్పు చాలాసార్లు కమిటీ చేసినదానికంటే బాగుంటుంది. రెండోది బ్యానరూ చొక్కాలూ. వాటి మీద అచ్చు వేయించడం మాత్రం ఒక సంక్రాంతి పోటీ ఆడి వచ్చాకే. ఓడినా గెలిచినా బరి బయట పిల్లలు ఏ రూపంలో పలికారో అప్పటికి తెలుస్తుంది, అచ్చు వేయించాల్సింది ఆ రూపాన్నే.